కంట్లో సున్నం పడితే: ముందు నీళ్లు, ఆ తర్వాతే ఆసుపత్రి

కంటికి హాని చేసే రసాయనాల్లో తెలుగు ఇళ్లకు బాగా దగ్గరగా ఉండేది సున్నం. తాంబూలం పళ్లెంలోని డబ్బీలో, గోడలకు వెల్ల వేసే బకెట్లో, ఖైనీతో పాటు అమ్మే చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లో, రొయ్యల చెరువు గట్టు మీది బస్తాల్లో అది ఉంటుంది. రోజూ చేత్తో ముట్టుకునే వస్తువు కాబట్టి దాన్ని ప్రమాదకరమైన రసాయనంగా ఎవరూ లెక్కించరు. ఆకులో సున్నం కాస్త ఎక్కువైతే నోరు పొక్కుతుందని మాత్రం అందరికీ తెలుసు. నోట్లోని పొక్కు నాలుగు రోజుల్లో మానుతుంది. అదే సున్నం కంట్లో పడి అక్కడే ఉండిపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు.

సున్నం ప్యాకెట్ నలిపినప్పుడు పగిలి పిల్లల కళ్లలోకి చిమ్మిన సంఘటనలను ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు వైద్య పత్రికల్లో నమోదు చేశారు. ఇలాంటి ప్రమాదంలో కన్ను ఎంతవరకు దక్కుతుందన్నది చాలావరకు మొదటి అరగంటలో, ప్రమాదం జరిగిన చోటే తేలిపోతుంది. ఆ అరగంటలో చేయవలసిన పని కంటిని నీళ్లతో కడగడం, ఆపకుండా చాలాసేపు కడగడం. మందు, కట్టు, ఆసుపత్రి ప్రయాణం అన్నీ దాని తర్వాతే. ఎందుకలా అన్నది అర్థం కావాలంటే సున్నం కంటిని ఎలా దెబ్బతీస్తుందో తెలియాలి.

సున్నం కంట్లో ఏం చేస్తుంది

తడి సున్నాన్ని రసాయన శాస్త్రంలో కాల్షియం హైడ్రాక్సైడ్ అంటారు. అది బలమైన క్షారం. ఒక ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో పీహెచ్ అనే కొలత చెబుతుంది. ఏడు దగ్గర రెండూ సమానం. ఏడుకు దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. మనిషి కన్నీటి పీహెచ్ సుమారు 7.4. సున్నపు తేట పీహెచ్ సుమారు 12.4. తేడా చూడటానికి ఐదంకెలే. కానీ ఈ కొలతలో ఒక్కో అంకె పెరిగితే క్షార గుణం పది రెట్లు పెరుగుతుంది. అంటే కన్నీటితో పోలిస్తే సున్నపు తేటలో క్షార గుణం లక్ష రెట్లు ఎక్కువ.

కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద గడియారానికి అద్దంలా ఉండే పారదర్శకమైన పొర పేరు కార్నియా. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. క్షారం తగలగానే ఆ పొర పైకణాల గోడల్లోని కొవ్వు సబ్బుగా మారి కరుగుతుంది. సబ్బు తయారీలో నూనెకు, కాస్టిక్ సోడాకు మధ్య జరిగే చర్య కూడా ఇదే. కణాల గోడలు కరిగాక లోపలికి దారి దొరుకుతుంది. క్షారం ఆ దారిలో మరింత లోతుకు వెళ్తుంది. అమ్మోనియా లాంటి క్షారాలు ఒక్క నిమిషంలోపే, కాస్టిక్ సోడా కొద్ది నిమిషాల్లో కార్నియాను దాటి కంటి లోపలి గదిలోకి చేరగలవు. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, దాని వెనుక ఉండే కటకం కూడా అప్పుడు దెబ్బతింటాయి.

సున్నం అంత వేగంగా లోపలికి దిగదు. దాని ప్రమాదం ఇంకో తీరుది. సున్నం నీళ్లలో చాలా తక్కువగా కరుగుతుంది. లీటరు నీళ్లలో కరిగేది రెండు గ్రాముల లోపే. కాబట్టి కంట్లో పడిన సున్నపు ముద్ద కన్నీళ్లతో కరిగి కొట్టుకుపోదు. చిన్న చిన్న పలుకులుగా విడిపోయి పై రెప్ప కింద, రెప్పకూ కనుగుడ్డుకూ మధ్య ఉన్న మడతల్లో ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ గంటల తరబడి కొత్త క్షారాన్ని వదులుతూనే ఉంటుంది. పైకి కన్ను కడిగినట్టే కనిపిస్తుంది. రెప్ప కింద కాలడం ఆగదు.

కార్నియా చుట్టూ, నల్లగుడ్డు తెల్లగుడ్డుతో కలిసే అంచును లింబస్ అంటారు. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు ఆ సన్నటి అంచులోనే ఉంటాయి. కార్నియా మీది చిన్న గాయాలు మచ్చ లేకుండా మానడం ఈ కణాల వల్లే. క్షారం వాటిని చంపేస్తే కార్నియా తన పైపొరను తిరిగి తయారుచేసుకోలేదు. తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. పారదర్శకంగా ఉండవలసిన చోటు మసకబారుతుంది. రసాయన ప్రమాదం తర్వాత చూపు పోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఎన్ని మూలకణాలు మిగిలాయన్న దాని మీదే ముందు ముందు చికిత్స ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఎందుకు వెంటనే, ఎందుకు అంతసేపు

రసాయనం కంటికి అంటుకుని ఉన్నంతసేపూ గాయం లోతవుతూనే ఉంటుంది. కడగడం మొదలుపెట్టిన క్షణం నుంచే ఆ లోతు పెరగడం తగ్గుతుంది. ఆసుపత్రి పది నిమిషాల దూరంలోనే ఉన్నా, బండి తీసి, అక్కడికి చేరి, చీటీ రాయించుకుని, డాక్టరు చూసేసరికి అరగంట సులువుగా గడిచిపోతుంది. ఆ అరగంటలో జరిగే నష్టాన్ని ఎంత పెద్ద ఆసుపత్రీ వెనక్కి తీసుకురాలేదు. పైగా అక్కడికి వెళ్లాక కూడా మొదట చేసేది కడగడమే. అదే పనిని ఇంట్లోని కుళాయి అరగంట ముందు చేయగలదు.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్న. చాలామంది చేసేది దోసిలితో నాలుగైదు సార్లు ముఖం మీద నీళ్లు చల్లుకుని, మంట కాస్త తగ్గగానే ఆపేయడం. అది చాలకపోవడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది నీటి పరిమాణం. సున్నపు తేట ఒక్క చుక్కనే తీసుకుందాం. చుక్క అంటే సుమారు 0.05 మిల్లీలీటర్లు. నీళ్లు కలిపి మాత్రమే దాని క్షార గుణాన్ని లక్షో వంతుకు దించాలంటే ఐదు లీటర్ల నీళ్లు కావాలి. కన్నీటిలో క్షారాన్ని కొంత అణచే గుణం ఉంది కాబట్టి నిజానికి అంత అవసరం పడకపోవచ్చు. కానీ ఇది తేటలో ఒక్క చుక్క లెక్క మాత్రమే. కంట్లో పడేది తేట కాదు, ముద్ద. గ్రాము సున్నం కరగడానికే అర లీటరుకు పైగా నీళ్లు పడతాయి. అందుకే కడగడంలో అసలు ఉద్దేశం సున్నాన్ని కరిగించడం కాదు, పారే నీటితో తోసి బయటికి పంపడం. ముఖం మీద చల్లిన నీళ్లు ఆ పని చేయవు. గిన్నెలో ముఖం ముంచి ఉంచడం కూడా చేయదు. తెరిచిన కంటి మీదుగా నీరు ధారగా పారుతూనే ఉండాలి.

రెండోది రెప్ప. రసాయనం పడగానే రెప్పలు తమంతట తామే గట్టిగా మూసుకుంటాయి. మనిషి తెరవాలనుకున్నా తెరుచుకోవు. మొదటి కొన్ని నిమిషాలు పోసిన నీళ్లలో ఎక్కువ భాగం చర్మం మీదుగా జారిపోయేదే. రెప్ప పూర్తిగా తెరిపించి, పై మడత దాకా నీరు చేరేలా చేయడానికే కొంత సమయం పోతుంది. కాబట్టి గడియారం చూసి లెక్కపెట్టే నిమిషాల్లో నిజంగా కంటిని కడిగిన నిమిషాలు తక్కువే ఉంటాయి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కొంత క్షారం అప్పటికే కార్నియాలోకి ఇంకిపోయి ఉంటుంది. ఉప్పులో ఊరిన మామిడి ముక్కను ఒకసారి కడిగితే పైనున్న ఉప్పు పోతుంది కానీ ముక్క ఉప్పగానే ఉంటుంది. నీళ్లు మారుస్తూ చాలాసేపు ఉంచితేనే లోపలి ఉప్పు బయటికి వస్తుంది. కార్నియాలోకి దిగిన క్షారం సంగతీ అంతే. కడిగిన వెంటనే కంటి ఉపరితలం పీహెచ్ మామూలుగా కనిపించినా, కాసేపటికి లోపలి నుంచి క్షారం ఊరి మళ్లీ పైకి వస్తుంది. ఆసుపత్రిలో కడగడం ఆపాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగి పీహెచ్ చూసేది ఇందుకే. ఆ తర్వాత కూడా మరోసారి పరీక్షిస్తారు.

ఈ కారణాల వల్లే ఏ రసాయనం పడినా కనీసం 20 నిమిషాలు, సున్నం, సిమెంటు, కాస్టిక్ సోడా, అమ్మోనియా లాంటి క్షారాలైతే కనీసం 30 నిమిషాలు ఆపకుండా కడగాలి. మంట తగ్గడం ఆపడానికి గుర్తు కాదు. ఇంట్లో పీహెచ్ కొలిచే సాధనం ఉండదు కాబట్టి అక్కడ నమ్మదగినది గడియారం ఒక్కటే.

ఒక ఇంట్లో జరిగినట్టు అనుకుంటే

ఆరేళ్ల పిల్లవాడు నేల మీద దొరికిన సున్నం ప్యాకెట్‌ను రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. అది పగిలి ముద్ద కుడి కంట్లోకి చిమ్మింది. పిల్లవాడు కన్ను మూసుకుని, పిడికిలితో నులుముతూ ఏడుస్తున్నాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ ఉన్నారు.

మొదట చేయవలసింది నులమకుండా చేతులు పట్టుకోవడం. నులిమితే పలుకులు కార్నియాను గీరుతాయి, రెప్ప కిందికి ఇంకా లోతుకు వెళ్తాయి. రెప్పల మీద, బుగ్గ మీద ముద్దగా కనిపిస్తున్న సున్నాన్ని తడిగుడ్డతో ఒక్కసారి బయటి వైపుకు తుడిచేయాలి. దీనికి కొన్ని సెకన్లు చాలు. లేకపోతే పోసే నీళ్లే దాన్ని మళ్లీ కంట్లోకి తీసుకెళ్తాయి.

తర్వాత పిల్లవాణ్ని తువ్వాలులో చేతులు కదలకుండా భుజాల దాకా చుట్టాలి. పెద్దలకు ఇది అక్కర్లేదు. పిల్లల విషయంలో ఇది లేకుండా కడగడం దాదాపు అసాధ్యం. స్నానాల గది గట్టు మీదో, మంచం అంచునో, వాకిట్లో చాప మీదో పడుకోబెట్టి, తలను దెబ్బతిన్న కన్ను ఉన్న వైపుకు, అంటే కుడివైపుకు తిప్పాలి. అలా చేస్తే కడిగిన నీళ్లు కుడి చెంప మీదుగా కిందికి పోతాయి. ఎడమ వైపుకు తిప్పితే ఆ సున్నపు నీళ్లు ముక్కు మీదుగా బాగున్న కంట్లోకి పారతాయి. ఒక కంట్లో పడిన ప్రమాదం రెండు కళ్లదిగా మారకుండా చూసుకోవలసింది ఇక్కడే.

నాయనమ్మ తల కదలకుండా పట్టుకుని రెప్పలు తెరుస్తుంది. తడి వేళ్లు రెప్పల మీద జారిపోతాయి కాబట్టి వేళ్లకు పొడి గుడ్డ చుట్టుకుంటే పట్టు దొరుకుతుంది. బొటనవేలితో కింది రెప్పను చెంప ఎముక మీదికి, చూపుడు వేలితో పై రెప్పను కనుబొమ ఎముక మీదికి లాగి పట్టాలి. వేళ్ల ఒత్తిడి ఎముకల మీద ఉండాలి, కనుగుడ్డు మీద పడకూడదు. తల్లి చెంబుతో నాలుగైదు అంగుళాల ఎత్తు నుంచి, ముక్కు వైపు ఉన్న కంటి మూల నుంచి చెవి వైపుకు, సన్నని ధారగా నీళ్లు పోస్తుంది. నల్లగుడ్డు నడిమధ్యన నేరుగా ధార కొట్టకూడదు. మోటారు పైపులోంచి వచ్చే ఉరవడి ధారా పనికిరాదు.

నిమిషానికి ఒక చెంబు, అంటే సుమారు లీటరు చొప్పున పోస్తే 30 నిమిషాలకు 30 లీటర్లు అవుతాయి. ఇళ్లలో వాడే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఒకటిన్నర అన్నమాట. నీళ్లు గోరువెచ్చగా ఉంటే పిల్లవాడు తట్టుకుంటాడు. ఫ్రిజ్ నీళ్లకు రెప్ప ఇంకా బిగుసుకుంటుంది. వేడినీళ్లు అసలే కూడదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు ఏవైనా సరే. శుభ్రమైన తాగునీరు చేతికి దగ్గరలో ఉంటే మంచిది. కానీ కాచి చల్లార్చిన నీళ్ల కోసమో, మందుల షాపులో సెలైన్ కోసమో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

కడుగుతూ మధ్యమధ్యలో పిల్లవాణ్ని పైకి, కిందికి, పక్కలకు చూడమనాలి. పిల్లవాడు పైకి చూసినప్పుడు కింది మడత తెరుచుకుంటుంది. కిందికి చూసినప్పుడు పై మడతలోకి నీరు వెళ్తుంది. కింది రెప్పను లాగినప్పుడు తెల్లటి పలుకు కనిపిస్తే, ధారను అటు మళ్లించి తోయాలి. అయినా కదలకపోతే తడిపిన దూదితోనో, మెత్తటి గుడ్డ కొసతోనో రెప్ప లోపలి భాగం మీంచి సుతారంగా తీయాలి. కార్నియా మీద అంటుకున్నదాన్ని మాత్రం ఇంట్లో గీకకూడదు. దాన్ని నీటికే వదిలేయాలి.

ఇంట్లో మూడో మనిషి ఉంటే ఆ సమయంలో 108కి ఫోన్ చేయడం, బండి పిలవడం, చిరిగిన ప్యాకెట్‌ను కవరులో వేసి పెట్టుకోవడం లాంటి పనులు చూస్తారు. ఇద్దరే ఉంటే ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మాట్లాడుతూ కడగడం కొనసాగించాలి. 30 నిమిషాలు పూర్తయ్యాక, మంట ఉన్నా లేకపోయినా, కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి. దారిలో కూడా నీళ్ల సీసాతో కడుగుతూ ఉంటే ఇంకా మంచిది. కంటికి గట్టిగా కట్టు కట్టకూడదు. కట్టు కింద మిగిలిన సున్నం బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది.

ప్రమాద సమయంలో ఎవరూ లేక ఒంటరిగా ఉన్న పెద్దవారైతే కుళాయి కింద తల వాల్చి, దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా పెట్టి, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకోవాలి. షవర్ ఉంటే దాని కింద నిలబడి, నీళ్లు నుదుటి మీద నుంచి కంట్లోకి జారేలా చూసుకోవచ్చు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారు దాన్ని తీశాక కడుగుదామని ఆగకూడదు. ముందు కడగడం మొదలుపెట్టాలి. చాలాసార్లు అది నీటితోనే ఊడి వస్తుంది, లేదంటే కడుగుతూ తీసేయాలి.

అడ్డుపడే నమ్మకాలు

సున్నం మీద నీళ్లు పోస్తే ఉడుకుతుంది కాబట్టి కంట్లో నీళ్లు పోయకూడదని కొందరు గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. బట్టీ నుంచి వచ్చిన కాల్చిన సున్నం, అంటే నీళ్లు తగలని సున్నపురాయి పొడి, నీటితో కలిస్తే వేడి పుట్టి బుసబుస పొంగుతుంది. తాంబూలంలో, ప్యాకెట్లలో, వెల్ల బకెట్లో ఉండేది అప్పటికే తడిసి ఉడకడం పూర్తయిన సున్నం. దాని మీద ఎన్ని నీళ్లు పోసినా కొత్తగా వేడి పుట్టదు. ఇక కాల్చిన సున్నం పొడే కంట్లో పడితే? రెప్పల మీద, ముఖం మీద ఉన్న పొడిని ముందు పొడి గుడ్డతో దులిపేయాలి. కంటి లోపలికి వెళ్లినదాన్ని కన్నీళ్లు అప్పటికే తడిపేశాయి, వేడి మొదలైపోయింది. అప్పుడు కొద్ది నీళ్లు చల్లడం ప్రమాదమే, ధారాళంగా పోయడమే రక్ష. ఎక్కువ నీరు వేడినీ, సున్నాన్నీ కలిపి తీసుకుపోతుంది.

సున్నానికి విరుగుడు నిమ్మరసమనీ, ఆమ్లం పడితే సోడా ఉప్పు నీళ్లనీ అనుకోవడం మరో పొరపాటు. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయని బడిలో నేర్చుకున్న మాట సీసాలో సరైనదే. కంట్లో ఎంత సున్నం ఉందో, ఎంత నిమ్మరసం పోయాలో కొలిచేవారు ఎవరూ లేరు. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఎక్కువైన నిమ్మరసం తానే కొత్త గాయం చేస్తుంది.

ఆముదం, నెయ్యి, తల్లిపాలు, నందివర్ధనం పూల రసం, పన్నీరు లాంటివి కంటికి చలవ అని వేసే అలవాటు పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉంది. నూనె, నెయ్యి సున్నపు పలుకుల చుట్టూ జిడ్డుగా పట్టుకుని వాటిని రెప్ప కిందే నిలిపి ఉంచుతాయి. మిగిలినవాటితో రెండు నష్టాలు. అవి చుక్కల్లో పడతాయి, రసాయనాన్ని బయటికి తోయలేవు. వాటి కోసం వెతికే ఐదు నిమిషాలు కడగాల్సిన ఐదు నిమిషాలు. ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కల మందు వేయడం కూడా ఇంతే.

అన్నిటికన్నా మోసం చేసేది నొప్పి తగ్గడం. కార్నియాలో నొప్పి తెలిపే నరాలు చాలా దట్టంగా ఉంటాయి. క్షారం లోతుగా వెళ్తే ఆ నరాలే చచ్చిపోతాయి, నొప్పి తగ్గిపోతుంది. తెల్లగుడ్డు మీది రక్తనాళాలు మూసుకుపోతే కన్ను ఎర్రబడటానికి బదులు పింగాణీలా తెల్లగా కనిపిస్తుంది. చూసేవారికి ప్రమాదం తప్పిపోయినట్టు ఉంటుంది. నిజానికి బాగా ఎర్రబడి, నీళ్లు కారుతూ, మండుతున్న కంటికన్నా నొప్పి లేకుండా తెల్లగా ఉన్న కన్నే ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు. నల్లగుడ్డు మీద పాలపొరలా మసక కనిపించినా, చూపు మందగించినా గాయం లోతైనదని అర్థం.

మిగిలిన రసాయనాలు

మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బ్యాటరీ యాసిడ్ లాంటి ఆమ్లాలు కంట్లో పడితే పైపొరలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. ఆ గడ్డే ఒక అడ్డుగోడగా నిలిచి ఆమ్లాన్ని లోపలికి పోకుండా కొంత ఆపుతుంది. అందుకే సాధారణంగా ఆమ్లాల కన్నా క్షారాల గాయాలు లోతుగా ఉంటాయి. గాఢమైన ఆమ్లం కూడా కంటిని పోగొట్టగలదు కాబట్టి కడగడంలో మాత్రం తేడా ఉండకూడదు. పురుగు మందులు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ద్రావణం పడినా ఇదే పద్ధతి.

తడి సిమెంటు సున్నంలాంటిదే. అదీ క్షారమే, దాని రేణువులూ రెప్ప కింద నిలుస్తాయి. మురుగు గొట్టాలు తెరిపించడానికి వాడే పొడిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అది సున్నంకన్నా వేగంగా లోతుకు దిగుతుంది. ఐసు ఫ్యాక్టరీల్లో, చేపలు, రొయ్యలు నిల్వచేసే శీతల గిడ్డంగుల్లో వాడే అమ్మోనియా ఇంకా వేగమైనది. అలాంటి చోట కంటికీ నీటికీ మధ్య దూరం కొన్ని అడుగులే ఉండాలి. పరిశ్రమల్లో కళ్లు కడిగే ఫౌంటెన్లకు అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ప్రమాదం జరిగిన చోటి నుంచి పది సెకన్లలో వాటిని చేరుకోగలగాలి, కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీరు రావాలి. రొయ్యల చెరువుల్లో సున్నం చల్లే కూలీలకు అలాంటి ఏర్పాటు ఉండదు. గట్టు మీద మంచినీళ్ల క్యాన్ ఒకటి, ఒక చెంబు సిద్ధంగా ఉంచడం, గాలికి ఎదురుగా చల్లకపోవడం, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోవడం అక్కడ చేయగలిగిన పనులు.

ఆసుపత్రిలో జరిగేది

ఆసుపత్రికి చేరగానే ఏం పడింది, ఎప్పుడు పడింది, ఎంతసేపు కడిగారు అన్న మూడు విషయాలు మొదటే చెప్పాలి. రసాయనం పడిన కేసు అని చెబితే వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లాలి. అక్కడ ముందు కింది రెప్ప మడతలో పీహెచ్ కాగితం ముక్క ఆనించి రంగు చూస్తారు. చూపు పరీక్ష లాంటివి తర్వాత చేస్తారు. పీహెచ్ మామూలుగా లేకపోతే కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ సీసాకు గొట్టం తగిలించి మళ్లీ కడగడం మొదలుపెడతారు. మొద్దుబార్చినందువల్ల ఇంట్లో తెరుచుకోని రెప్ప ఇక్కడ సులువుగా తెరుచుకుంటుంది.

సున్నం కేసుల్లో ఇక్కడ జరిగే మరో పని చాలా ముఖ్యం. పై రెప్పను ఒకసారి తిప్పితే దాని లోపలి భాగం కనిపిస్తుంది. ఇంకా పైనున్న మడత కనిపించదు. అందుకని ప్రత్యేకమైన పరికరంతో రెప్పను రెండుసార్లు మడిచి, ఆ లోతైన మడతలోని సున్నపు పలుకులను తడి దూదితో తుడిచి తీస్తారు. పిల్లలు కదలకుండా ఉండలేకపోతే మత్తు ఇచ్చి ఈ పని చేస్తారు. ఇంట్లో 30 నిమిషాలు కడిగినా ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఎంత జాగ్రత్తగా కడిగినా ఆ మడతలో ఒక్క పలుకు మిగిలితే అది కరుగుతూనే ఉంటుంది. పలుకులన్నీ తీసి, పీహెచ్ మామూలుకు వచ్చి, ఆగి చూసినా అలాగే నిలిచేదాకా కడగడం సాగుతుంది. దీనికి ఎన్నో లీటర్ల సెలైన్ పట్టవచ్చు.

ఆ తర్వాతే గాయాన్ని అంచనా వేస్తారు. పసుపు రంగు ఫ్లోరెసిన్ చుక్క వేసి, నీలి కాంతిలో చూస్తే పైపొర ఊడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. లింబస్ చుట్టూ ఎంత మేర రక్త ప్రసారం ఆగి తెల్లబడిందో కొలుస్తారు. ఆ కొలతే ముందు ముందు ఏం జరగబోతుందో చెబుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ చుక్కలు, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు, నొప్పి తగ్గడానికి కంటిపాపను విప్పార్చే చుక్కలు గాయాన్ని బట్టి ఇస్తారు. స్టెరాయిడ్ చుక్కలు ఎన్ని రోజులు వాడాలన్నది డాక్టరే నిర్ణయించాలి. సరైన సమయంలో తగ్గించకపోతే కార్నియా పలచబడే ప్రమాదం ఉంది. కంటిని మొద్దుబార్చే చుక్కలు మాత్రం ఇంటికి తెచ్చుకుని వాడకూడదు. నొప్పి తగ్గిస్తూనే అవి గాయం మానకుండా చేస్తాయి. గాయం తీవ్రమైతే మాయ నుంచి తీసిన పలుచని పొరను కంటి మీద కప్పి కుడతారు. గాయం మానడానికి అది సాయపడుతుంది.

కడగడానికి ఉన్న పరిమితి

వెంటనే, తగినంతసేపు కడిగినా కొన్ని కళ్లు దెబ్బతింటాయి. రసాయనం గాఢత, అది తాకిన విస్తీర్ణం, కడగడానికి ముందు గడిచిన సెకన్లు నీటి చేతిలో లేవు. చచ్చిపోయిన మూలకణాలను నీరు బతికించలేదు. బతికి ఉన్నవాటిని కాపాడగలదు. చికిత్సకు ఆ మిగిలిన కణాలే ఆధారం.

లింబస్‌లోని మూలకణాలన్నీ పోయిన కంటికి, రెండో కన్ను బాగుంటే, అందులోంచి చిన్న ముక్క తీసి ఇందులో నాటే శస్త్రచికిత్సలు ఉన్నాయి. ఆ ముక్కను సన్నగా తరిగి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన పొరపై అతికించే సులువైన పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు రూపొందించి 2012లో ప్రకటించారు. దాన్ని స్లెట్ అంటారు. ఒక కన్ను మాత్రమే దెబ్బతిన్నవారిలో ఇది కార్నియా పైపొరను తిరిగి నిలబెట్టగలిగింది. రెండు కళ్లూ ఒకేలా కాలిపోతే తీసుకోవడానికి సొంత కణాలు మిగలవు. అప్పుడు దారి చాలా కష్టమవుతుంది. కడిగిన నీళ్లు రెండో కంట్లోకి పారకుండా తలను దెబ్బతిన్న వైపుకే తిప్పడంలో ఉన్న విలువ ఇంత.

మొదటి చికిత్స అయ్యాక కూడా వైద్యుడు చెప్పిన తేదీలకు వెళ్లాలి. రెప్ప లోపలి పొర కనుగుడ్డుకు అతుక్కోవడం, కంటిలో ఒత్తిడి పెరగడం, కన్ను పొడిబారడం వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడతాయి. ఒత్తిడి పెరిగిన సంగతి రోగికి తెలియకపోవచ్చు, కొలిస్తేనే తెలుస్తుంది. మధ్యలో మళ్లీ నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం లాంటివి కనిపిస్తే తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లాలి.